బిల్లుల మొత్తం పెట్టుబడి కాదు: ఎరువుల చీటీల నుంచి పంటవారీ లెక్క దాకా

సీజన్ అయిపోయాక ఫోన్ గ్యాలరీలో ఉన్న విత్తనాల బిల్లు, డీఏపీ బిల్లు, మందుల షాపు చీటీలు అన్నీ పోగేసి కూడితే ఒక అంకె వస్తుంది. దాన్ని ఎకరాలతో భాగించి "ఎకరాకు ఇంత పెట్టుబడి పడింది" అని చెప్పేస్తుంటారు. నా దృష్టిలో అది పెట్టుబడి కాదు, దుకాణానికి వెళ్లిన డబ్బు మాత్రమే. బిల్లు చెప్పేది కొన్న లెక్క. పెట్టుబడి అంటే ఫలానా పంటలో, ఫలానా సీజన్‌లో వాడిన లెక్క. ఒకే చేను, ఒకే పంట ఉన్న రైతుకు ఈ రెండూ దాదాపు ఒకటే కావచ్చు. పత్తి, మిర్చి, వరి మూడూ ఉన్న రైతుకు మాత్రం ఈ రెండింటి మధ్య వేల రూపాయల తేడా వస్తుంది. ఏ పంట మిగిల్చింది, ఏది ముంచింది అనే తీర్పే మారిపోతుంది.

అందుకే ఫొటోల్లోని అంకెలను చదవడమే పెద్ద పని అన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ. అచ్చు బిల్లును చదవడానికి ఫోన్‌లోనే సౌకర్యం ఉంది. చేతిరాత బిల్లయినా ఒక సీజన్‌వి టైపు చేయడానికి ఒక సాయంత్రం చాలు. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. పది బస్తాల యూరియా అని బిల్లులో ఉంటుంది. అందులో ఆరు పత్తికి, రెండు వరికి, ఒకటి మిర్చికి పోయాయని, ఒకటి కొట్టంలో మిగిలిందని ఏ బిల్లూ చెప్పదు. అది రైతు నోట రావాలి, పట్టికలో దానికంటూ చోటుండాలి.

మాటలతో కాకుండా ఒక కమతం పెట్టుకుని చూద్దాం. ఖమ్మం వైపు ఒక రైతు, ఐదున్నర ఎకరాలు. మూడెకరాలు పత్తి, ఎకరం మిర్చి, ఎకరంన్నర వరి. వానాకాలం 2024. ఇది లెక్క కోసం అనుకున్న కమతమే. సీజన్ మొత్తం బిల్లులు పెడితే చదవడం కష్టం కాబట్టి ఐదు బిల్లులే తీసుకుందాం.

జూన్ 8న పత్తి విత్తనం ఆరు ప్యాకెట్లు. ఆ ఏడాది బీజీ-2 ప్యాకెట్ గరిష్ఠ ధర 864 రూపాయలు, కాబట్టి 5,184. జూన్ 25న మళ్లీ రెండు ప్యాకెట్లు, ఎందుకంటే తొలకరి తర్వాత వాన ముఖం చాటేసి ఎకరంలో మొలక రాలేదు. బిల్లు మీద 1,728 ఉంది. జూలై 12న డీఏపీ ఐదు బస్తాలు, 1,350 చొప్పున 6,750, ఖాతా మీద. జూలై 28న యూరియా పది బస్తాలు, 266.50 చొప్పున 2,665. అక్టోబర్ 5న ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ వంద గ్రాముల ప్యాకెట్లు నాలుగు. ఈ మందు ధర ఉదాహరణకు వేసుకున్నదే: సరుకు విలువ 1,000, జీఎస్టీ 180, మొత్తం 1,180.

ఈ ఐదు ఫొటోల కింద ఉన్న మొత్తాలు కూడితే 17,507. "మనది పత్తి వ్యవసాయం" అని మూడెకరాలతో భాగిస్తే ఎకరాకు 5,836. మొత్తం ఐదున్నర ఎకరాలతో భాగిస్తే 3,183. రెండూ తప్పే. సరైన అంకె చివరికి ఎంత తేలుతుందో చూద్దాం. ముందు ఫొటో సంగతి.

ఫొటో తీసే ముందు పెన్ను తీయాలి

ఎరువుల షాపులో ఈ-పాస్ యంత్రం నుంచి వచ్చే స్లిప్పు వేడికి అక్షరాలు తేలే కాగితం. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా కొన్ని నెలల్లో తెల్లబడిపోతుంది. సంక్రాంతికి లెక్క చూద్దామని జూలై స్లిప్పు దాచుకుంటే చేతికి ఖాళీ కాగితం వస్తుంది. కాబట్టి ఫొటో కొన్న రోజే తీయాలి. అంతకంటే ముఖ్యం, తీసే ముందు బిల్లు మూలన పెన్నుతో ఒక మాట రాయాలి: "పత్తి 3, మిర్చి 1, వరి 1". తర్వాత వాడకం మారొచ్చు, ఫరవాలేదు. కొన్నప్పుడు ఏమనుకున్నారో ఫొటోలోనే ఉంటే, ఆరు నెలల తర్వాత రైతును అడిగినప్పుడు జ్ఞాపకానికి ఒక ఆసరా ఉంటుంది. ఈ ఒక్క అలవాటు ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఫొటోను హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కో, సంఘం ఆఫీసుకో వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనాలి. మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోయి కార్బన్ కాపీ చేతిరాత అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఇంకో ఇబ్బంది ఫైలు పేరుతో వస్తుంది. `IMG-20240728-WA0007.jpg` అని ఉంటే ఆ తేదీ వాట్సాప్‌లో పంపిన రోజుది, కొన్న రోజుది కాదు. పాత బిల్లులన్నీ ఒకే రోజు పంపితే అన్నీ ఒకే తేదీవిగా కనిపిస్తాయి. తేదీ ఎప్పుడూ బిల్లు లోపలి నుంచే తీసుకోవాలి.

ఒకే సరుకుకు రెండు కాగితాలు రావడం ఇంకా పెద్ద ఉచ్చు. ఎరువు కొంటే ఈ-పాస్ స్లిప్పు ఒకటి, షాపువాళ్ల సొంత బిల్లు ఒకటి ఇస్తారు. రైతు రెండింటినీ ఫొటో తీస్తాడు, తీయాలి కూడా. టైపు చేసేవాళ్లు రెండింటినీ ఎక్కిస్తే మన కమతంలో డీఏపీ, యూరియా కలిపి 9,415 రూపాయలు రెండుసార్లు పడి, 17,507 కాస్తా 26,922 అవుతుంది. బిల్లు నంబర్లు వేరుగా ఉంటాయి కాబట్టి నంబరు చూసి పట్టుకోలేం. షాపు, తేదీ, సరుకు, బస్తాల సంఖ్య నాలుగూ కలిసిన రెండు వరుసలు కనిపిస్తే ఆగి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడాలి. స్లిప్పు మీద సబ్సిడీ అంకె కూడా కనిపిస్తే దాన్ని ఎక్కడా కలపకూడదు. అది రైతు జేబులోంచి పోయింది కాదు.

బిల్లు మీది పేరును కూడా నమ్మొద్దు. యూరియా కొరత ఉన్న రోజుల్లో భార్య ఆధార్ మీద రెండు, తమ్ముడి ఆధార్ మీద రెండు బస్తాలు తెచ్చుకోవడం ఊళ్లలో మామూలే. కౌలు రైతయితే పట్టాదారు పేరు మీద బిల్లు రావచ్చు. పేరును బట్టి బిల్లులు వేరు చేస్తే ఒకే చేనులో పడిన ఎరువు మూడు ఖాతాల్లోకి చీలిపోతుంది.

చేతిరాత బిల్లులో మోసం చేసేవి రెండే. ఒకటి, "2665/-" అని రాసిన చోట గీతను ఒకటిగా చదివి 26651 అని ఎక్కించడం, లేదా "2665-00" ను రెండు లక్షల అరవై ఆరు వేల చిల్లరగా మార్చేయడం. రెండోది, "2×500" అని ఉన్న మందు వరుసలో రెండు సీసాలా, అయిదు వందల రూపాయలా, అయిదు వందల మిల్లీలీటర్లా అన్న గందరగోళం. రెండింటికీ పరీక్ష ఒకటే: పరిమాణం ఇంటూ ధర ఆ వరుస మొత్తానికి సరిపోవాలి, వరుసలన్నీ కూడితే కింది మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే మళ్లీ ఫొటో తెరవడమే, ఊహించి దిద్దకూడదు.

రెండు పట్టికలు, ఒక తాళం

గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ రెండు షీట్లు పెట్టుకోండి. మొదటిది "కొనుగోళ్లు". బిల్లులోని ప్రతి సరుకుకూ ఒక వరుస. నిలువు గడులు ఈ క్రమంలో: గుర్తు, తేదీ, సరుకు, యూనిట్, పరిమాణం, బిల్లు మొత్తం, ఇచ్చిన డబ్బు, యూనిట్ ఖర్చు, మిగులు, ఫొటో పేరు. రెండోది "వాడకం". అందులో గుర్తు, తేదీ, సీజన్-పంట, పద్దు, పరిమాణం, ఖర్చు. రెండు షీట్లనూ కలిపే తాళం ఆ "గుర్తు". జూలై 28 యూరియా వరుసకు బి4 అని పేరు పెడితే, వాడకంలో ఆ యూరియా ఎక్కడ పడినా పక్కన బి4 అనే రాయాలి. ఒకే బిల్లులో రెండు సరుకులుంటే బి4-1, బి4-2 అని వేరు చేయాలి.

సూత్రాలు ఇవి. మొదటి రెండూ కొనుగోళ్లలో యూనిట్ ఖర్చుకు, మిగులుకు. మూడోది వాడకంలో ఖర్చుకు. నాలుగోది చివరి పంటవారీ పట్టికకు. అందులో ఎడమ గడిలో సీజన్-పంట, పై వరుసలో పద్దు ఉంటాయి.

```
=G2/E2
=E2-SUMIFS('వాడకం'!E:E,'వాడకం'!A:A,A2)
=E2*INDEX('కొనుగోళ్లు'!H:H,MATCH(A2,'కొనుగోళ్లు'!A:A,0))
=SUMIFS('వాడకం'!F:F,'వాడకం'!C:C,$A2,'వాడకం'!D:D,B$1)
```

టైపు చేయడం మొదలుపెట్టకముందే షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా అని ఉందో లేదో చూసుకోవాలి. అమెరికా అని ఉంటే 08/06/2024 అని కొట్టింది ఆగస్టు 6 అయిపోతుంది. 25/06/2024 మాత్రం తేదీగా మారకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. పన్నెండు లోపు తేదీలన్నీ చప్పుడు లేకుండా తిరగబడతాయి, ఆపై తేదీలు లెక్కలోంచే జారిపోతాయి. జూన్‌లో కొన్న విత్తనం ఆగస్టులో కనిపిస్తే రైతును అనుమానించకముందు ఈ సెట్టింగ్ చూడండి.

ఇక మిగులు గడి. నా మటుకు ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా విలువైన గడి ఇదే. అది సున్నా ఉంటే సరుకంతా వాడేశారు. పైన ఉంటే కొట్టంలో ఉంది, లేదా వాడకం రాయడం మరిచారు. సున్నా కంటే కిందికి వెళ్లిందంటే కొన్నదానికన్నా ఎక్కువ వాడారని అర్థం, అది అసాధ్యం. అప్పుడు ఏదో బిల్లు ఫొటో రాలేదన్నమాట, లేదా పక్క రైతు దగ్గర బదులు తెచ్చిన బస్తా ఉందన్నమాట. బదులు తెచ్చిందానికి బిల్లు ఉండదు కాబట్టి కొనుగోళ్లలో "బదులు" అని ఒక వరుస తెరిచి, తిరిగి ఇచ్చే బస్తా ధరనే వేయాలి. బిల్లులు కూడి భాగించే పద్ధతిలో ఇలాంటి లోటు బయటపడే దారే లేదు.

మన రైతును కూర్చోబెట్టి అడిగే తీరు కూడా ముఖ్యం. "పత్తికి ఎంత యూరియా వేశావు?" అంటే గుండుగుత్తగా ఒక జవాబు వస్తుంది. "అన్నా, జూలైలో తెచ్చిన పది బస్తాలు ఎక్కడెక్కడ పడ్డయి?" అని ఒక్కో బిల్లు పట్టుకుని అడిగితే, "పత్తికి మొదటి పైపాటు మూడు, రెండో పైపాటు మూడు, వరికి రెండు, మిర్చి తోటకు ఒకటి, ఒకటి కొట్టంల ఉన్నది" అని కచ్చితంగా వస్తుంది. సరుకును పట్టుకుని అడిగితే జ్ఞాపకం పలుకుతుంది. చాలా ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తారు కదా, మందు కొట్టిన రోజు, ఎరువు చల్లిన రోజు కూడా ఆ గడిలోనే రెండు ముక్కలు రాస్తే వాడకం షీట్ సగం నిండినట్టే.

డీఏపీ ఐదు బస్తాల్లో మూడు పత్తికి, ఒకటి మిర్చికి, ఒకటి వరికి. ఇమామెక్టిన్ ఎకరాకు 80 గ్రాముల చొప్పున పత్తి మూడెకరాలకు 240, మిర్చికి 80. కొన్నవి 400 గ్రాములు, కాబట్టి 80 గ్రాములు మిగిలాయి. ఇక్కడ ఒక జాగ్రత్త: మందులను ప్యాకెట్ల లెక్కన కాకుండా గ్రాముల్లోనో మిల్లీలీటర్లలోనో రాయాలి. ప్యాకెట్ల లెక్కన రాస్తే "మూడెకరాల పత్తికి మూడు, మిర్చికి ఒకటి" అని సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది, మిగిలిన 80 గ్రాములు మాయమవుతాయి.

ఏ ధర వేయాలి

బిల్లు మొత్తం, ఇచ్చిన డబ్బు అని రెండు గడులు ఎందుకో ఇప్పుడు చెప్పాలి. జూన్ 25 విత్తనం బిల్లు మీద 1,728 ఉంది గానీ రైతు ఇచ్చింది 2,200. గిరాకీ ఉన్న రకాన్ని ఎంఆర్‌పీకి మించి అమ్మి, బిల్లు మాత్రం ఎంఆర్‌పీకే రాసిచ్చే షాపులు ఉన్నాయని రైతులకు చెప్పనక్కర్లేదు. పెట్టుబడి లెక్కలోకి రావాల్సింది 2,200. బిల్లు అంకె పక్క గడిలో అలాగే ఉండాలి, ఎందుకంటే రేపు మొలక శాతం మీద ఫిర్యాదు చేయాల్సి వస్తే చూపించాల్సింది ఆ బిల్లే. ప్యాకెట్ కవర్, కొన్ని గింజలు కూడా దాచుకోవాలి. ఈ రెండో విత్తును వాడకంలో "రెండో విత్తు" అని వేరే పద్దుగా రాయమంటాను. మామూలు విత్తన ఖర్చులో కలిపేస్తే, వచ్చే ఏడు పోల్చినప్పుడు విత్తనం ధర పెరిగిందో, వాన దెబ్బ తీసిందో తెలియదు. 2025లో బీజీ-2 ప్యాకెట్ 901 అయింది. ఆ 37 రూపాయల పెరుగుదల ప్రభావం వేరు, 2,200 రూపాయల వాన దెబ్బ వేరు.

జీఎస్టీ విషయంలో కొందరు చదువుకున్న పిల్లలు అనవసరంగా తెలివి చూపిస్తారు. వ్యాపారి లెక్కలో పన్ను వేరుగా తీసేస్తారు కాబట్టి ఇక్కడా సరుకు విలువ గడిలోని 1,000 మాత్రమే ఎక్కిస్తారు. వ్యాపారికి ఆ పన్ను తిరిగి సర్దుబాటవుతుంది, రైతుకు కాదు. పురుగుమందుల మీద 18 శాతం, ఎరువుల మీద 5 శాతం ఆయన చేతినుంచి పోయిన డబ్బే. విత్తనాల మీద పన్ను లేదు. యూరియా 266.50, డీఏపీ 1,350 అనేవి పన్నుతో కలిపిన ధరలే కాబట్టి వాటి మీద మళ్లీ 5 శాతం వేయకూడదు. మన ఇమామెక్టిన్ లెక్క 1,180 మీదే నడుస్తుంది. గ్రాముకు 2.95. పత్తికి 708, మిర్చికి 236, మిగులు 236.

యూరియా దగ్గర లెక్క ఆసక్తిగా మారుతుంది. పది బస్తాలు కావాలంటే 300 రూపాయల సూక్ష్మపోషకాల సీసాలు రెండు తీసుకోవాల్సిందేనని షాపులో లింకు పెట్టారనుకోండి. రైతుకు ఆ సీసాలు అక్కర్లేదు, చాలాసార్లు అవి బిల్లులోనూ ఉండవు, కచ్చా చీటీ మీదే ఉంటాయి. ఊరికి తెచ్చుకోవడానికి ఆటో 200. ఈ 600, 200 ఎక్కడ వేయాలి? సీసాలను "సూక్ష్మపోషకాలు" అని వేరే పద్దులో వేస్తే రైతు కావాలని కొన్నట్టు కనిపిస్తుంది. నా పద్ధతి వేరు. యూరియా దొరకడానికి కట్టిన డబ్బు కాబట్టి అది యూరియా ఖర్చే. ఇచ్చిన డబ్బు గడిలో 2,665 బదులు 3,465 పడుతుంది, బస్తా ఖర్చు 346.50 అవుతుంది. యూరియా 266.50కే వస్తోందని కాగితాలు చెబుతుంటే ఆ రైతు చేలో పడేసరికి ఎనభై రూపాయలు పెరిగిందని ఈ ఒక్క గడి చూపిస్తుంది. సీసా నిజంగా మిర్చికి కొట్టి వాడుకుంటే మాత్రం దాన్ని వేరు చేసి మిర్చికి రాయడం న్యాయం.

వడ్డీని మాత్రం ఇలా ధరలో కలపకూడదంటాను. డీఏపీ జూలైలో ఖాతా మీద తెచ్చి, పత్తి అమ్మాక జనవరిలో కట్టారు. నూటికి నెలకు రెండు రూపాయలు, ఆరు నెలలు: 6,750 మీద 810. దీన్ని బస్తా ధరలో కలిపితే డీఏపీ 1,512 అయినట్టు కనిపిస్తుంది, ఎరువు ఖరీదైందన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. నిజానికి ఖరీదైంది అప్పు. అందుకని కొనుగోళ్లలో "డీఏపీ వడ్డీ" అని ఇంకో వరుస, పరిమాణం 5, ఇచ్చిన డబ్బు 810. వాడకంలో డీఏపీ ఎలా పంచారో దీన్నీ అలాగే పంచి, పద్దు గడిలో "వడ్డీ" అని రాయాలి. పత్తికి 486, మిర్చికి 162, వరికి 162. మొత్తం వడ్డీ అంకె కళ్లముందు ఉంటే, బ్యాంకు పంట రుణం సమయానికి తెచ్చుకుంటే ఎంత మిగిలేదో రైతే చెప్పగలడు.

ఇప్పుడు కూడితే పత్తికి: విత్తనం 5,184, రెండో విత్తు 2,200, డీఏపీ 4,050, యూరియా 2,079, ఇమామెక్టిన్ 708, వడ్డీ 486. మొత్తం 14,707, అంటే ఎకరాకు 4,902. ఫొటోలు కూడి మూడెకరాలతో భాగించిన 5,836 కన్నా తక్కువ, ఐదున్నరతో భాగించిన 3,183 కన్నా చాలా ఎక్కువ. మిర్చికి ఇప్పటిదాకా 2,094.50, వరికి 2,205. కొట్టంలో యూరియా బస్తా, విప్పిన ఇమామెక్టిన్ కలిపి 582.50. ఈ నాలుగూ కూడితే 19,589 వస్తుంది, రైతు చేతినుంచి పోయిన మొత్తం కూడా సరిగ్గా అంతే. ఈ రెండు అంకెలూ పైసాతో సహా కలవకపోతే పట్టికను ఎవరికీ చూపించొద్దు.

సీజన్ అంటే తేదీ కాదు

చాలా యాప్‌లలో, షీట్లలో సీజన్‌ను తేదీ చూసి నిర్ణయిస్తారు: జూన్ నుంచి అక్టోబర్ దాకా వానాకాలం, ఆ తర్వాత యాసంగి. మిర్చి ఈ గీతను ఖాతరు చేయదు. ఆగస్టులో నాటితే కోతలు జనవరి నుంచి మార్చి దాకా, ఒక్కోసారి ఇంకా ముందుకు సాగుతాయి. తామర పురుగు ఉధృతి ఉంటే నవంబర్, డిసెంబర్‌లలోనే మందుల బిల్లులు కుప్పపడతాయి. తేదీతో గీత గీస్తే మిర్చి ఖర్చులో బరువైన భాగం యాసంగిలోకి జారిపోయి, వానాకాలం మిర్చి బ్రహ్మాండంగా మిగిల్చినట్టు, యాసంగి వరి నష్టపోయినట్టు కనిపిస్తుంది. పసుపుదీ ఇదే కథ. చెరకు, మామిడి ఉన్నవాళ్లయితే సీజన్ మాట వదిలేసి తోట సంవత్సరం పెట్టుకోవాలి.

అందుకే సీజన్ గడి కొనుగోళ్లలో లేదు, వాడకంలో ఉంది. పైగా "వానాకాలం 2024 మిర్చి" అని సీజన్‌నూ పంటనూ కలిపి ఒకే పేరుగా రాయాలి, నాటిన సీజన్‌తోనే ఆ పేరు చివరిదాకా నడవాలి. 2025 జనవరిలో ఒకే బిల్లు మీద యాసంగి వరికి యూరియా, మిర్చికి మందు తెచ్చినా రెండూ వాటి వాటి చోట్లకు వెళ్తాయి. ఈ పేర్లను ప్రతిసారీ టైపు చేయకుండా డ్రాప్‌డౌన్ జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టండి. ఒకచోట "మిర్చి" అని, ఇంకోచోట "మిరప" అని కొడితే సూత్రం రెండోదాన్ని లెక్కలోకి తీసుకోదు, తప్పు జరిగిందని కూడా చెప్పదు.

మిగులు సరుకు సీజన్ దాటేటప్పుడు ఏ ధరతో దాటాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. కొన్న ధరతోనే. యాసంగికి కొత్త ధర వచ్చినా కొట్టంలోని బస్తా బి4 గుర్తుతో, 346.50తోనే యాసంగి వరి ఖాతాలో పడుతుంది. మనం ఏమీ చేయక్కర్లేదు, గుర్తు సరిగా రాస్తే సూత్రమే ఆ ధర తెస్తుంది. విప్పిన మందుల విషయంలో మాత్రం కొంచెం కఠినంగా ఉండాలి. ఇమామెక్టిన్ లాంటి గుళికల మందు విప్పాక తేమ పీల్చి గడ్డకడుతుంది. నవంబర్‌లో మిర్చికి వాడేస్తే ఆ 236 మిర్చి ఖాతాలోకి పోతుంది. వాడకుండా సీజన్ దాటితే దాన్ని ఆస్తిగా మోసుకెళ్లడం ఆత్మవంచన. ఏ పంట కోసం కొన్నారో ఆ పంట కిందే "వృథా" పద్దులో రాసేయాలి. ఏటా ఆ పద్దు పెరుగుతుంటే ప్యాకెట్ సైజు మార్చుకోవాలని అర్థం.

లెక్క సరిపోయినంత మాత్రాన పంపకం సరైందని కాదు. దాన్ని పట్టుకోవడానికి పొలం వైపు నుంచి ఒక పరీక్ష ఉంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తాలో 18 శాతం, అంటే 9 కిలోలు. మన పత్తిలో ఎకరాకు రెండు బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీ పడ్డాయి కాబట్టి నత్రజని 50.4 కిలోలు. తెలంగాణలో బీటీ పత్తికి సిఫార్సు ఎకరాకు 48 కిలోలు, కాబట్టి నమ్మదగ్గ అంకె. పది బస్తాలూ పత్తికే రాసేసి ఉంటే ఎకరాకు 78 కిలోలు తేలేది. రైతు నిజంగానే అంత వేశాడా, వరి బస్తాలు పత్తి ఖాతాలో పడ్డాయా అని అడగాల్సిన చోటు అది. యూరియా బస్తా 2018 నుంచి 50 కాదు 45 కిలోలు. పాత అలవాటుతో 50 వేస్తే ఈ పరీక్ష మొదటి అడుగులోనే తప్పుతుంది. మందులకూ ఇదే: ఇమామెక్టిన్ ఎకరాకు 80 గ్రాముల చుట్టూ ఉండాలి. ఒక్క పిచికారీకి 200 అని తేలితే రెండుసార్లు కొట్టింది ఒకసారిగా రాసి ఉంటారు, లేదా నిజంగానే మోతాదు దాటింది.

ఇంత చేసినా ఇది ఎరువులు, విత్తనాలు, మందుల లెక్క మాత్రమే. ఈ ఐదు బిల్లుల నుంచి తేలిన 4,902 రూపాయలను పత్తి ధర పక్కన పెట్టి లాభం లెక్కగట్టేవాళ్లుంటారు, గట్టనివ్వొద్దు. దుక్కి ట్రాక్టర్, కలుపు కూలీలు, పత్తి తీత, మందు కొట్టిన మనిషి కూలి, కౌలు వీటికి బిల్లులుండవు. పత్తిలో తీత కూలి ఒక్కటే చాలా చోట్ల మొత్తం ఎరువుల ఖర్చును మించిపోతుంది. కొనుగోళ్ల షీట్‌లోనే వీటికీ వరుసలు తెరిచి, ఫొటో గడిలో "బిల్లు లేదు" అని రాసి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాయాలి. యూనిట్‌గా కూలీల సంఖ్యో, తీతలో కిలోలో పెడితే అవే సూత్రాలు పనిచేస్తాయి. ఇంటివాళ్ల శ్రమను సున్నా అనుకోకుండా ఊళ్లో నడిచే కూలి రేటుతో వేసి, "సొంత కూలి" అని వేరే పద్దులో ఉంచాలి. మద్దతు ధర లెక్కల్లో ఎ2 ఖర్చు అన్నప్పుడు చేతినుంచి పోయింది, ఎఫ్ఎల్ అన్నప్పుడు ఇంటివాళ్ల శ్రమ. రెండూ వేరుగా ఉంటేనే ప్రభుత్వం ప్రకటించే అంకెతో మన అంకెను పక్కపక్కన పెట్టి చూడగలం. ఈ వరుసలు ఇంకా నిండని పట్టిక పైన "ఎరువులు, విత్తనాలు, మందులు మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసి ఉంచండి, ఎందుకంటే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేవాళ్లు కింది వివరణను కత్తిరించేస్తారు.